‘సేటూ’ దగ్గర మొదలై ‘నువ్వు’ దగ్గర తెగే బేరం

హన్మకొండ నుంచి బయలుదేరిన బస్సులో కండక్టర్ ఒక ముసలామెను "అవ్వా, ఏడ దిగుతవ్?" అని అడుగుతాడు. పక్క సీట్లో టక్ చేసుకున్న మనిషిని "సార్, ఏడ దిగుతరు?" అంటాడు. తెలంగాణ మాట అలవాటు లేని అనువాదకులు ఇక్కడే తడబడతారు. ‘దిగుతవ్’ కనిపించగానే ముసలామెకు మర్యాద ఇవ్వలేదని అనుకుని, "అవ్వగారూ, ఎక్కడ దిగుతారు?" అని దిద్దుతారు. అలా మాట్లాడే కండక్టర్ వరంగల్ వైపు ఎక్కడా దొరకడు.

ఇంట్లో అవ్వను ‘నువ్వు’ అనే పిలుస్తారు. కాబట్టి బయటి మనిషిని ‘అవ్వా’ అని పిలిచి ‘దిగుతవ్’ అంటే, ఆమెను ఇంటి మనిషిలా చూసినట్టే. ఆ మర్యాదంతా పిలుపులోనే ఉంది, క్రియ దాన్ని మోయక్కర్లేదు. ‘సార్’ సంగతి వేరు. అది చుట్టరికం కాదు, హోదా. అందుకే దాని వెంట ‘దిగుతరు’ రావాల్సిందే. "సార్, ఏడ దిగుతవ్?" అంటే వెటకారం అయిపోతుంది. అంటే అనువదించాల్సింది పిలుపు ఒక్కదాన్నే కాదు, పిలుపునూ క్రియ చివరనూ కలిపి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జరగగల ఒక మిర్చి బేరాన్ని తీసుకుందాం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి.

రైతు: "సేటూ, తేమ లేదు, జర చూడుండ్రి."
సేటు: "ఏం కాకా, తాలు మస్తున్నది. గిట్లయితె ఎట్ల?"
రైతు: "సేటూ, నువ్వు గట్లంటె ఎట్ల?"

మూడు మాటల్లో మూడు మలుపులు ఉన్నాయి. మొదటి మాటలో ‘చూడుండ్రి’ వల్ల ‘సేటూ’ గౌరవంగా వినిపిస్తుంది. ఇక్కడ ఇంగ్లీషులో ‘సర్’, ‘ప్లీజ్’ రెండూ పెట్టొచ్చు. రెండో మాటలోని ‘కాకా’ను ‘అంకుల్’ అని రాస్తే, చదివేవాళ్లు వీళ్లిద్దరూ చుట్టాలనుకుంటారు. నిజానికి ఆ ‘కాకా’ రేటు తగ్గించే ముందు వేసే మెత్త. దాన్ని తీసేసి, సేటు మాటను కొంచెం నసుగుతూ మొదలయ్యేలా రాస్తే ఆ మెత్తదనం దక్కుతుంది.

అసలు చిక్కు మూడో మాటది. పిలుపు అదే ‘సేటూ’. మారింది క్రియ వైపు మాత్రమే, ‘చూడుండ్రి’ పోయి ‘నువ్వు’ వచ్చింది. రైతుకు కోపం వచ్చిందన్న సంగతి తెలుగులో దీనివల్లే తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘నువ్వు’కూ ‘మీరు’కూ ఒకే ‘యూ’ కాబట్టి ఆ కోపం అక్కడ మాయమవుతుంది. మూలంలో పిలుపు మారకపోయినా అనువాదంలో మార్చాలి: మొదటి మాటలో పెట్టిన ‘సర్’ను, ‘ప్లీజ్’ను ఇక్కడ తీసేసి, వాక్యాన్ని పొట్టిగా తెంచాలి. రెండు చోట్లా మక్కీకి మక్కీ ‘సేఠ్’ అని రాసినవాళ్లు మాటకు విధేయంగా ఉంటారు గానీ, బేరం ఎక్కడ చెడిందో చెప్పలేకపోతారు.

ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు ‘సర్’ ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. అమెరికా సినిమాల్లో పోలీసు కారు ఆపి, అనుమానితుణ్ని కూడా ‘సర్’ అంటాడు. అది ముక్తసరి మర్యాద, దాని వెనకే ఆజ్ఞ ఉంటుంది. డబ్బింగ్‌లో "సార్, కారు దిగండి" అనిపిస్తే మన చెవికి పోలీసు తగ్గి మాట్లాడినట్టు వినబడుతుంది, కారులో ఉన్నది ఎవరో ఎమ్మెల్యే అనిపిస్తుంది. మన దగ్గర ‘సార్’ కింది నుంచి పైకి పోయే పిలుపు కదా. అందుకని పిలుపు తీసేసి "బండి దిగండి" అంటే చాలు. మర్యాద ‘అండి’లో ఉంటుంది, ఆజ్ఞ గొంతులో ఉంటుంది.

ముద్దు పిలుపులను నమ్మడానికి లేదు. ఉత్తర తెలంగాణలో ‘బిడ్డ’ అంటే కూతురు. పెద్దవాళ్లు ముక్కూ మొహం తెలియని పిల్లల్ని, ఆడైనా మగైనా, ‘బిడ్డా’ అని దగ్గరికి తీసుకుంటారు. కానీ "బిడ్డా, నీ సంగతి చెప్త" అన్నప్పుడు అది బెదిరింపు. పక్కనున్న క్రియ చూడకుండా రెండు చోట్లా ‘చైల్డ్’ అని రాస్తే రెండోది నవ్వులపాలవుతుంది. అక్కడ పిలుపే వద్దు, బెదిరింపు ఉంటే చాలు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ‘అన్న’. చాయ్ బండి దగ్గర "అన్నా, రెండు చాయ్" అన్నది ఉత్త పలకరింపు. ‘బ్రదర్’ పెడితే లేని బరువు వస్తుంది, "రెండు టీ" అని వదిలేస్తేనే సరి. అదే మాట బహువచనమై, ఎవరి అన్నలో చెప్పకుండా "రాత్రి ఊర్లకు అన్నలొచ్చిండ్రు" అని వస్తే, అది పిలుపు కాదు. ఈ ప్రాంతంలో దశాబ్దాల పాటు ‘అన్నలు’ అంటే నక్సలైట్లు. 1980ల, 90ల నాటి కథలోనో, సాక్ష్యంలోనో ఆ వాక్యాన్ని ‘బ్రదర్స్ కేమ్’ అని మారిస్తే, ఇంటికి చుట్టాలు వచ్చినట్టవుతుంది. నేరుగా ‘నక్సలైట్స్’ అంటే విషయం తెలుస్తుంది గానీ, అది పోలీసు కాగితంలో మాటలా ఉంటుంది. చెప్తున్న ఊరి మనిషికి వాళ్ల మీద చనువుందా, భయముందా, రెండూనా అన్నది పోతుంది. ఇక్కడ మాత్రం ‘అన్నలు’ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లెవరో ఆ వాక్యంలోనే నాలుగు మాటల్లో చెప్పడం మేలు.