చివరిదాకా కుడితే మూల కుదరదు

"క్విల్ట్ బైండింగ్‌లో, అంటే అంచు చుట్టూ పట్టీ కుట్టడంలో, మూల చక్కగా రావాలంటే అంచు చివరిదాకా కుట్టి, అక్కడ తిప్పుకుంటే చాలు. పట్టీ మాత్రం ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ గుడ్డదే కావాలి. వెనక చేతికుట్టు రెండు ఉతుకుల్లో ఊడిపోతుంది, మెషినే నయం."

ఇలా మూడు మాటలు చెబుతుంటారు. వాటిలో మొదటిది నమ్మి నేను ఒక పిల్లల క్విల్ట్ మొత్తం పాడు చేసుకున్నాను. నాలుగు మూలలూ ముడుచుకుపోయి కుక్క చెవుల్లా తయారయ్యాయి. చివరిదాకా కుడితే మూలలో మడత తిరగడానికి గుడ్డ మిగలదు, కుట్టు దాన్ని పట్టేసుకుంటుంది.

పట్టీని క్విల్ట్ ముందు వైపు అంచుతో సమంగా పెట్టి కుట్టేటప్పుడు, కుట్టు అంచుకు పావు అంగుళం ఎడంగా వెళుతుంటే, మూలకు సరిగ్గా పావు అంగుళం ముందు ఆగాలి. ఆ చోటు ముందే పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. సూది దింపి ఉంచి, గుడ్డ తిప్పి, అక్కణ్ణుంచి మూల కొసకు ఏటవాలుగా కుట్టి బయటికి వచ్చేయండి. దారం తెంపి పట్టీని పైకి మడవండి, ఏటవాలు కుట్టు మీదే మడత పడుతుంది. తర్వాత పట్టీని కిందికి దించి, పై మడతను క్విల్ట్ పై అంచుతో సమంగా పెట్టి, ఆ అంచు దగ్గర్నుంచే రెండో వైపు కుట్టండి. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే మూలలో నిలబడ్డ ముక్కోణం రెక్కను వేలితో కదపండి. ఇటూ అటూ తేలిగ్గా వాలాలి. వాలకపోతే చుక్క దాటి కుట్టినట్టే. చుక్కకు ముందే ఆగిపోతే మూలలో కన్నం మిగులుతుంది.

క్రాస్ పట్టీ గుండ్రటి అంచులకు కావాలి. నిటారు అంచులకు గుడ్డ పన్నా వెంట అడ్డంగా కత్తిరించిన పట్టీ చాలు. 36 బై 45 అంగుళాల క్విల్ట్ చుట్టుకొలత 162 అంగుళాలు, మూలలకూ అతుకుకూ మరో 12 కలపండి. 44 అంగుళాల పన్నా గుడ్డలో రెండుంపావు అంగుళాల పట్టీలు ఐదు చాలు, అంటే గుడ్డ పన్నెండు అంగుళాల లోపే. బెంగళూరు చిక్‌పేటలో అర మీటరు కోయించుకుంటే ఇంకా మిగులుతుంది. ఈ పట్టీని నిలువునా సగానికి మడిచి వాడతాం కాబట్టి అంచున రెండు పొరలుంటాయి.

ఇక చేతికుట్టు ఊడేది కుట్లు అంగుళానికి మూడో నాలుగో పడ్డప్పుడు, మొదలూ చివరా ముడి సరిగ్గా వేయనప్పుడు. పట్టీని వెనక్కి తిప్పి, మెషిన్ కుట్టు గీత మీద ఒక దారప్పోగంత దాటేలా క్లిప్పులు పెట్టండి. సూదితో వెనక గుడ్డలో చిన్న పట్టు పట్టి, పట్టీ మడత లోపలి నుంచే జరిపి, మళ్లీ పైకి తీయండి. కుట్టు కుట్టుకీ ఎడం రెండు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. సూది ముందు గుడ్డ దాకా పోకూడదు, అప్పుడప్పుడు తిప్పి చూసుకోండి. మా ఇంట్లో ఇలా కుట్టిన క్విల్ట్ రెండేళ్లుగా వారం వారం వాషింగ్ మెషిన్‌లో పడుతోంది, ఒక్క కుట్టూ తెగలేదు.

వెనక మూల దగ్గర మాత్రం తొందరపడకండి. ముందు వైపు మడత బరువు ఏ పక్కన పడిందో, వెనక దానికి ఎదురు పక్కకు మడవండి. అప్పుడు లావంతా ఒకేచోట చేరదు. ఆ మడత గీత మీద రెండు కుట్లు వేసి మూసేసి, పక్క అంచుకు సాగండి.