జేర్, జబర్, పేష్ గార్లకు ఒక బహిరంగ లేఖ

ఉర్దూ అక్షరాలకు పైనా కిందా కూర్చుని అ, ఇ, ఉ పలికించే గౌరవనీయులైన జేర్, జబర్, పేష్ గార్లకు హన్మకొండ నుంచి మీ పాఠకుడు నమస్కరించి రాయునది.

నిన్న మధ్యాహ్నం మీ దయ వల్ల మండీ బజార్‌లో నా పరువు పోయింది. మొన్న టైలర్ ఇచ్చిన చీటీలో చివరి వరుసలో క, ల పలికే కాఫ్, లామ్ అక్షరాలు, పక్కన 600 ఉన్నాయి. నేను ‘కల్’ అని చదివాను. రేపు రా, ఆరు వందలు తెచ్చుకో అన్నమాట! ఉర్దూ చదవడం వచ్చేసిందని మురిసిపోయి ఒక్క మాట కూడా అడగకుండా ఇంటికొచ్చాను. నిన్న ఎండలో బండేసుకుని పోతే ఆయన చీటీ చూసి పడీ పడీ నవ్వాడు. ‘కల్ కాదు సార్, కుల్. మొత్తం ఆరు వందలు. బట్టలు గురువారం.’

కాఫ్ మీద జబర్ గారుంటే కల్, పేష్ గారుంటే కుల్. ఇద్దరూ రాలేదు.

మూడు నెలలుగా పొద్దున చాయ్ తాగుతూ పది నిమిషాలు కూర్చుంటున్నా, రోజుకు ఐదు మాటలు. అక్షరాలు నేర్పే కాయిదా పుస్తకంలో మీరు ముగ్గురూ పెళ్లివారిలా ముందే వచ్చి కూర్చునేవారు. పైన గీత ఉంటే అ, కింద గీత ఉంటే ఇ, పైన చిన్న కొక్కెం ఉంటే ఉ. మా గుణింతం లాంటిదే కదా అనుకున్నా. అయ్యా, మా కొమ్ము ఏనాడైనా సెలవు పెట్టిందా? ‘కుండ’ను ‘కండ’ అని రాసి, మిగతాది మీరే ఊహించుకోండి అంటే మా ఊళ్లో ఎవరైనా ఊరుకుంటారా? మీరు మాత్రం పుస్తకం దాటి బజారుకొస్తే మాయం. ‘ఇస్’ అన్నా ‘ఉస్’ అన్నా అదే అలిఫ్, అదే సీన్. ఈ దుకాణమో ఆ దుకాణమో నేనే తేల్చుకుని చావాలి! దాల్, రే, వావ్ తర్వాతి అక్షరం చెయ్యి పట్టుకోక ఒక్క మాటను రెండు ముక్కలుగా చూపిస్తాయి, అది వేరే గొడవ.

సరే, తప్పు నాదీ ఉంది. ఇన్నాళ్లూ విడి మాటలు, అవి కూడా మీరున్నవే చదివాను. మిమ్మల్ని చదివాను తప్ప మాటను చదవలేదు. అందుకే ఇవాళ్టి నుంచి ఐదు మాటలు కాదు, మీరు లేని ఐదు వాక్యాలు. ముందు చదివి, నా ఊహ పెన్సిల్‌తో పైన రాసి, ఆ తర్వాతే సరిచూసుకోవడం. పొద్దున మొదటి రెండూ కాఫ్, లామ్‌తోనే మొదలయ్యాయి, రెండింటిలోనూ పక్కన ‘దస్’ ఉంది. అంకె ఉంది కదా, కుల్ అని రాశా. ఒకదాంట్లో దస్ తర్వాత ‘రూపయే’, అది కుల్, సరే. ఇంకోదాంట్లో దస్ తర్వాత ‘బజే ఆనా’. రేపు పదింటికి రా! చెరిపి కల్ అని రాశా. కన్ను ఇంకో మాట ముందుకు పోతే గాని వెనక మాట పలకదన్నమాట.

నాలుగో వాక్యంలో ‘దుకాన్’ వచ్చింది. దాల్ మీద పేష్ గారు లేరని చదివేశాక గాని నాకు తెలియలేదు.

గురువారం మళ్లీ మండీ బజార్ పోతున్నా. మీకు తీరికుంటే రండి, లేకపోతే మానెయ్యండి.

ఇట్లు,
ఆరు వందలు జేబులోనే ఉన్న మీ పాఠకుడు