ఆ బాలింత మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

"కొత్త తల్లికి బిడ్డ గురించి భయం సహజం, అది తల్లి ప్రేమ, డాక్టర్ అక్కర్లేదు. బిడ్డని తనే ఏదైనా చేస్తానేమో అని ఆలోచన వచ్చిందంటే మాత్రం పిచ్చి పట్టినట్టే, బిడ్డని వెంటనే దూరం పెట్టండి. మానసిక మాత్రలు వేసుకుంటే తల్లిపాలు విషం. బాలింతకి సెల్‌ఫోన్ ఇవ్వకండి. కడుపునిండా నిద్రపోతే చాలు, అన్నీ పోతాయి. అందరికీ షేర్ చేయండి."

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. బంధువుల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు సరే, నాతో నర్సింగ్ చదివినవాళ్ల గ్రూపులో కూడా వచ్చేసరికి ఊరుకోలేకపోయాను. పదకొండేళ్లుగా గుంటూరులో కాన్పుల వార్డులో పనిచేస్తున్నాను.

సెల్‌ఫోన్ సంగతి వదిలేయండి. అర్ధరాత్రి పసిపిల్లల జబ్బుల గురించి వెతక్కపోవడం మంచిదే కానీ, ఫోన్ లాక్కుంటే కాన్పు తర్వాత వచ్చే ఈ ఆందోళన జబ్బు తగ్గదు.

భయం సహజమే, కానీ ఎంత భయం అన్నదే ప్రశ్న. కాన్పయిన రెండు మూడు రోజుల నుంచి ఏడుపు, చిరాకు, టెన్షన్ చాలామందికి వస్తాయి, రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. ఆ తర్వాత కూడా తగ్గకపోతే నేను ముందు అడిగేది ఒకటే: బిడ్డ పడుకుని, పక్కన చూసుకునే మనిషి కూడా ఉన్నప్పుడు నీకు నిద్ర పడుతోందా? ఒళ్లు అలిసిపోయి కూడా పట్టడం లేదంటే అది మామూలు భయం కాదు. ఇంకో గుర్తు ఉంది. పసిబిడ్డ ఊపిరి మనలా ఒకే లయలో నడవదు, గబగబా తీసుకుని ఐదు పది సెకన్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇరవై సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ మాట చెబితే మామూలుగా భయపడే తల్లి కుదుటపడుతుంది. జబ్బుగా మారిన భయం ఐదు నిమిషాలు ఆగి మళ్లీ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టిస్తుంది.

ఇక ఆ మెసేజ్‌లోని రెండో మాట, బిడ్డని తనే ఏదైనా చేస్తానేమో అన్న ఆలోచన వస్తే పిచ్చే అన్నది. నన్ను ఇదంతా రాయించింది అదే.

మా పిన్ని కూతురికి విజయవాడలో కాన్పయింది, మూడో వారంలో గుంటూరు పుట్టింటికి వచ్చింది. మూడో అంతస్తు ఇల్లు. ఆరో వారానికి బిడ్డని ఎత్తుకుని బాల్కనీ వైపు వెళ్లడం మానేసింది, కత్తిపీట అటక మీద పెట్టించింది, స్నానం చేయించనని వాళ్లమ్మకి అప్పజెప్పింది. రాత్రికి ఇరవై ముప్పైసార్లు లేచి ఊపిరి చూసేది, బిడ్డ కదలకపోతే తట్టి లేపేది. బద్ధకమన్నారు, దిష్టి అన్నారు. నేను వెళ్లినప్పుడు తలుపేసి, "వద్దన్నా భయంకరమైన ఆలోచనలేమైనా వస్తున్నాయా? చాలామంది తల్లులకి వస్తాయమ్మా" అని అడిగాను. పది నిమిషాలు ఏడ్చింది. "అక్కా, బాల్కనీలోంచి నేనే పడేస్తానేమో అని కళ్ల ముందు బొమ్మ కట్టినట్టు కనిపిస్తోంది, నేను మనిషినేనా?" అంది.

ఇలాంటి ఆలోచన ఒక్కసారైనా వచ్చే కొత్త తల్లులు సుమారు సగం మంది ఉంటారు. ఎవరూ బయటికి చెప్పరు, అంతే. చాలామందికి వచ్చి పోతుంది. కొందరిలో అతుక్కుపోతుంది, ఎందుకంటే ఆ ఆలోచనకి వాళ్లు అంతగా వణికిపోతారు. తప్పించుకోవడానికి కత్తి దాస్తారు, బాల్కనీ మానేస్తారు, పదేపదే చూసుకుంటారు. ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, దాంతో "నేను జాగ్రత్తపడ్డాను కాబట్టే ఏమీ కాలేదు" అని మనసు నమ్మేస్తుంది, భయం ఇంకా బలపడుతుంది. ఆ ఆలోచన ఆమె కోరిక కాదు, ఆమెకి అసహ్యమైనది కాబట్టే అంత బాధ. కత్తిపీటని చూసి వణికే తల్లి దగ్గర్నుంచి బిడ్డని లాక్కుని మీరు ఎవర్ని కాపాడుతున్నట్టు?

మా పిన్ని సరిగ్గా అదే చేసింది. ఈ మెసేజే చదివి బిడ్డని పక్క గదిలో పడుకోబెట్టుకుంది. "చూశావా అక్కా, అమ్మకి కూడా నా మీద నమ్మకం లేదు" అని ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తనని తీసుకెళ్లినప్పుడు సైకియాట్రిస్టు మొదట అడిగిన ప్రశ్నలు ఇవి. ఆ ఆలోచన భయపెడుతోందా, లేక సరైనదే అనిపిస్తోందా? ఎవరివైనా గొంతులు వినిపిస్తున్నాయా? చచ్చిపోవాలనిపిస్తోందా? తర్వాత థైరాయిడ్ పరీక్ష రాశారు, కాన్పు తర్వాత కొన్ని నెలలకి థైరాయిడ్ ఎక్కువై గుండెదడ, కంగారు రావచ్చు కాబట్టి. అది మామూలుగానే ఉంది. ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ అనే మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. దాంతోపాటు సైకాలజిస్టు దగ్గర సాధన: బిడ్డని ఎత్తుకుని ముందు బాల్కనీ తలుపు దగ్గర నిలబడటం, తర్వాత లోపలికి వెళ్లడం, భయం దానంతట అది దిగేదాకా వెనక్కి రాకపోవడం. రాత్రిపూట చూడటం పాలిచ్చే వేళకి మాత్రమే. మా పిన్నికి కూడా ఒక పని చెప్పారు, "ఏం కాదులే" అని పదిసార్లు ధైర్యం చెప్పడం ఆపమని, అది కూడా ఊపిరి చూసుకోవడం లాంటిదేనని. వైద్యం మొదలైన ఐదో వారానికి నిద్ర పట్టింది, మూడో నెలకి బిడ్డని కాళ్ల మీద వేసుకుని తనే నీళ్లు పోసింది.

పాలు విషం అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. సెర్ట్రాలిన్ పాలలోకి చాలా కొద్దిగా వెళ్తుంది, పాలిచ్చే తల్లులకి డాక్టర్లు ముందుగా ఎంచుకునే మందుల్లో ఇది ఒకటి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పిల్లల డాక్టర్‌కీ చెప్పాలి. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, తగ్గిందని సొంతంగా ఆపకూడదు. భయపడాల్సింది మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రకి. అది వేసుకుని మత్తులో బిడ్డ పక్కన పడుకోవడం నిజంగా ప్రమాదం.

నిద్ర మాట మాత్రం ఒప్పుకుంటాను. నిద్ర చాలకపోతే ఈ జబ్బు ముదురుతుంది, రాత్రి నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకోనివ్వడం వైద్యంలో భాగమే. పిండిన పాలతో ఒక పూట వాళ్లాయనో అమ్మో పట్టిస్తే అది కుదురుతుంది. అయితే నిద్రే పట్టని మనిషికి "పడుకో" అని చెబితే సరిపోదు.

బిడ్డని తీసేసుకుంటారని ఆస్పత్రికి రాని వాళ్లని చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తల్లి అడ్మిట్ అయినా మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదు, తల్లి వల్ల బిడ్డకి ప్రమాదం ఉంటే తప్ప. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య ఆస్పత్రిలో తల్లీబిడ్డల వార్డే ఉంది.

నిజంగా పరుగెత్తాల్సిన జబ్బు వేరే ఉంది, వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు. ఎక్కువగా మొదటి రెండు వారాల్లో హఠాత్తుగా వస్తుంది. నిద్రే అక్కర్లేదంటుంది, మాటలు పొంతన లేకుండా ఉంటాయి, గొంతులు వినిపిస్తాయంటుంది, బిడ్డ తన బిడ్డ కాదనో దేవుడు ఏదో చేయమన్నాడనో గట్టిగా నమ్ముతుంది, ఆ నమ్మకానికి భయపడదు. అప్పుడు తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, లేదంటే 108కి చేయండి. చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పినా అంతే. మిగతా భయాలకి రెండు వారాలు దాటితే సైకియాట్రీ ఓపీకి వెళ్లండి, ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఏ వేళకైనా, తెలుగులోనే.