న్యూగ్రాంజ్‌లో వెలుగు వచ్చేది వాకిట్లోంచి కాదు

"వాకిలి సూర్యుడి వైపు పెడితే ఎండ లోపలికి రాదా? ఇందులో వింతేముంది?" అని, ఐర్లాండ్‌లోని 5,000 ఏళ్ల నాటి న్యూగ్రాంజ్ సమాధి గదిలోకి ఎండ చేరడం గురించి ఒకరు అడిగారు.

అక్కడ వాకిట్లోంచి వచ్చే ఎండ సగం దారిలోనే ఆగిపోతుందండీ. 19 మీటర్ల ఆ ఇరుకు దారి లోపలికి వెళ్లేకొద్దీ నేల మెల్లగా ఎత్తవుతుంది. చివరి గది నేల వాకిలి కంటే దాదాపు 2 మీటర్లు ఎత్తులో ఉంటుంది. అందుకే కట్టినవాళ్లు వాకిలి పైన, కప్పులో విడిగా ఓ చిన్న రాతి కిటికీ వదిలారు. గది నేల సరిగ్గా ఆ కిటికీ ఎత్తుకే వస్తుంది. డిసెంబర్ 21 దగ్గర్లో నాలుగైదు రోజులు మాత్రమే, ఆగ్నేయాన కొండ మీద సూర్యుడు పొడిచాక ఓ సన్నని వెలుగు గీత అందులోంచి నేలమీద పాకుతూ గదిలోకి చేరుతుంది. 17 నిమిషాలుండి పోతుంది. మబ్బు పడితే అదీ లేదు!

తవ్వకాలు జరిపిన ఓకెల్లీ 1967లో ఒక్కడే లోపల కూర్చుని దీన్ని చూశాడు.

కాకతాళీయం అనుకోకుండా చేసేది ఆ కిటికీయే. దాన్ని మూయడానికి తెల్లటి పలుగురాళ్లు వాడారు. వాటిని పదేపదే జరిపిన గీతలు కింది రాతి మీద ఉన్నాయి. అంటే వాకిలి బండతో మూసేశాక కూడా వెలుగుకు మాత్రం దారి తెరిచేవాళ్లన్నమాట.

ఇప్పుడు వెలుగు సూర్యోదయమైన 4 నిమిషాలకు గానీ రాదు. ఈ 5,000 ఏళ్లలో భూమి అక్షం వాలు కాస్త తగ్గింది మరి.