సలసలవాదుల పాలనలో గ్రీన్ టీ

1936 ఏప్రిల్ 1న ఒడిశాను కొత్త రాష్ట్రంగా చేసి, మమ్మల్ని మద్రాసు నుంచి విడదీసిన పెద్దలు చాలా శ్రద్ధగా గీతలు గీశారు. పర్లాకిమిడి ఊరు ఇటు వచ్చింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం అటే ఉండిపోయింది. బరంపురం, రాయగడ, జయపురం, కోరాపుట్‌లలో తెలుగు మాట్లాడుకునే మాలాంటివాళ్ళం గీతకు ఇవతల తేలాం. ఊళ్ళు పంచారు, కొండలు పంచారు. నీళ్ళ వేడి ఎంతవరకు ఎవరికి చెందాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ నిర్లక్ష్యానికి శిక్ష మా వంటిళ్ళు ఇప్పటికీ అనుభవిస్తున్నాయి.

మా జిల్లాల్లో టీకైనా, కాఫీకైనా, కొత్తగా దిగిన గ్రీన్ టీకైనా ఒకటే చట్టం: నీళ్ళు సలసల మరగాలి. ఈ చట్టాన్ని నమ్మినవాళ్ళను సలసలవాదులు అందాం. తెలుగింట్లోనూ, గోడ అవతల ఒడియా ఇంట్లోనూ పాలకపక్షం వాళ్ళదే. ప్రతిపక్షం లేదు.

వాళ్ళ సిద్ధాంతం ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. వానలు పడి బావినీళ్ళు రంగు మారాయంటే, నీళ్ళు మరగబెట్టి తాగమని డాక్టర్లు చెప్పారు. మంచి మాటే. అయితే వాళ్ళు మరగబెట్టమన్నారు గానీ, ఆ మరిగేవాటిని మరుగుతుండగానే ఆకు మీద కుమ్మరించమనలేదు. మరిగి చల్లారిన గిన్నె మీద మూత ఉన్నంతసేపూ చచ్చిన క్రిములు లేచి కూర్చోవు. ఈ సవరణ మాత్రం పార్టీ మేనిఫెస్టోలోకి ఇంతవరకు ఎక్కలేదు.

పార్టీకి అసలు బలం బస్టాండు పక్కన చా దుకాణం. అక్కడ పొద్దున్న నాలుగింటి నుంచి గిన్నె పొయ్యి దిగదు, టీ మాత్రం అమృతం. "చూశావా, మరిగితేనే రుచి" అని సలసలవాది మన మీదకొస్తాడు. ఈ వాదనకు జవాబు చెప్పడానికి కాస్త లోతుకు దిగాలి. గిన్నెలో పడేది సీటీసీ పొడి, అంటే యంత్రంలో నలిపి, చింపి, చుట్టిన నల్ల టీ గుళికలు. 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. గుళిక చిన్నది కాబట్టి నీళ్ళు తగలగానే రంగూ, చిక్కదనమూ, వగరూ ఒకేసారి దిగిపోతాయి. అక్కడితో ఆపితే ఆ టీ తాగలేం. టీలోని పాలీఫినాల్స్ మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి, నాలుక మీది జారుడుతనం పోతుంది. మనం వగరు అనేది దాన్నే. చా దుకాణం దగ్గర పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ముందే ఎదురెళ్ళి ఆ పాలీఫినాల్స్‌ను పట్టేసుకుంటుంది. నాలుక దాకా వచ్చేసరికి వాటి చేతులు ఖాళీగా ఉండవు. మిగిలిన కాస్త చేదును పంచదారా, అల్లమూ చూసుకుంటాయి. అక్కడ గెలిచింది పాలు. పేరు మాత్రం మంటకు వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది చెప్తే నేనే సలసలవాదుల మనిషినని అనుకుంటారు. పాలు లేకుండా తాగే నల్ల టీకి మరిగిన నీళ్ళే కావాలి. 95 డిగ్రీలకు పైన ఉన్న నీళ్ళు పోస్తేనే ఆకు నోరు విప్పుతుంది, గోరువెచ్చటి నీళ్ళు పోస్తే ఉత్త రంగునీళ్ళే. నల్ల టీ తయారీలో ఆకును నలిపి గాలికి పూర్తిగా మగ్గనిస్తారు, అందులో పచ్చి చేదు చాలావరకు వేరే పదార్థాలుగా మారిపోయి ఉంటుంది. కాబట్టి వేడిని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది సమయాన్ని. మూడు నుంచి ఐదు నిమిషాల్లో వడకట్టాలి. మావాళ్ళు ఆకును గిన్నెలోనే వదిలేసి, సీరియల్ చూసి వచ్చి, మళ్ళీ పొయ్యి వెలిగిస్తారు. ఆ తర్వాత "బ్లాక్ టీ మనకి పడదమ్మా" అని తీర్పు.

ఇక గ్రీన్ టీ. ఈ పాలనలో అసలు బాధితురాలు ఇదే.

బరంపురంలో మా పిన్నికి బెంగళూరు అల్లుడు ఒక డబ్బా పంపాడు. బాబాయికి షుగరు, పాలు తగ్గించమన్నారు. పిన్ని గిన్నెలో నీళ్ళు పెట్టి, అవి తెర్లుతుంటే రెండు బ్యాగులు పడేసి, మంట తగ్గించకుండా పోపు సంగతి చూడ్డానికి పక్క పొయ్యికి తిరిగింది. దించేసరికి లేతగా ఉండాల్సిన రంగు గోధుమ రంగులోకి దిగింది. చాలదన్నట్టు బ్యాగులను గరిటెతో గిన్నె అంచుకు నొక్కి పిండింది. బాబాయి ఒక గుక్క తాగి, నాలుకను పళ్ళకేసి రుద్దుకుని అడిగాడు:

"ఏటే, వేపాకు గాని ఏసినావా?"

"ఆరోగ్యానికి మంచిదంటే చేదుండదేటి? తాగీండి."

ఈ ఒక్క మాటలో పార్టీ తత్వశాస్త్రమంతా ఉంది. చేదు తప్పు కాదు, మందు పనిచేస్తోందనడానికి సాక్ష్యం. మర్నాడు నిమ్మకాయ పిండారు, ఆ తర్వాత తేనె వేశారు. తీపి చేదును కొంత కప్పుతుంది గానీ వగరును వదిలించదు. బాబాయి నాలుక అలాగే పళ్ళకు అతుక్కుంటూనే ఉంది.

జరిగిందేమిటంటే, గ్రీన్ టీ ఆకును కోయగానే ఆవిరి పట్టో, పెనం మీద వేయించో మగ్గకుండా ఆపేస్తారు. అందుకే క్యాటెచిన్లు అనే పచ్చి పాలీఫినాల్స్ అందులో అలాగే నిలిచి ఉంటాయి. చేదూ వగరూ వాటి పనే, వాటికి కెఫీన్ తోడు. వీటితోపాటు థియానిన్ అనే అమినో ఆమ్లం కూడా ఉంటుంది. గ్రీన్ టీలో నోటికి హాయిగా తగిలే ఆ మెత్తటి తీపి దానిదే. థియానిన్ సాధువు, చల్లటి నీళ్ళలోకి కూడా పిలవకుండానే వచ్చేస్తుంది. క్యాటెచిన్లు, కెఫీన్ అలా కాదు, నీళ్ళ వేడి పెరిగేకొద్దీ గుంపుగా దిగుతాయి. 70 నుంచి 80 డిగ్రీల మధ్య, రెండు నిమిషాల్లో, తీపి వచ్చేసి చేదు ఇంకా గడపలోనే ఉంటుంది. సలసల మరిగే నీళ్ళు పోస్తే ఇద్దరూ కలిసే వస్తారు, చేదు ముందు కూర్చుంటుంది. అనుమానం ఉన్నవాళ్ళు అదే బ్యాగును చల్లటి తాగేనీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. పొద్దున్నకి చేదు వెతుక్కోవాల్సినంత తక్కువగా ఉంటుంది. ఆకు అదే, తేడా అంతా వేడిదే.

"మా ఇంట్లో థర్మామీటరంటే జ్వరానికి పెట్టేదే" అంటారని తెలుసు. దాని అవసరం లేదు, స్కూలు లెక్క చాలు. గాజు గ్లాసులో ముందు నాలుగో వంతు, అంటే 50 మిల్లీలీటర్లు, కాచి చల్లార్చిన నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో పోయండి. దానిలో 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు కలపండి. బరంపురం సముద్రానికి దగ్గర కాబట్టి నీళ్ళు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, గదిలో నీళ్ళు 30 అనుకుందాం. మూడు వంతుల మరిగిన నీళ్ళకు మూడు వందలు, ఒక వంతు చన్నీళ్ళకు మరో ముప్పై, మొత్తాన్ని నాలుగుతో భాగిస్తే 82.5. గ్లాసు తాగేసే వేడి పోను 80కి అటూ ఇటూ నిలుస్తుంది. అప్పుడు వెయ్యండి బ్యాగు. రెండు నిమిషాలకు తీసేయండి. పిండకండి.

ఇదే లెక్క కోరాపుట్ వెళ్తే మారుతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు 97 డిగ్రీలకే తెర్లిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. చలికాలం పొద్దున్న బిందెలో నీళ్ళు 15 డిగ్రీలుంటే, అదే కొలతకు 76.5 వస్తుంది. అంటే అక్కడ చన్నీళ్ళు ఇంకాస్త తగ్గించినా పరవాలేదు. ప్రకృతే కోరాపుట్ సలసలవాదుల చేతి నుంచి మూడు డిగ్రీలు లాగేసుకుంది. వాళ్ళకింకా తెలియదు, ఎవరూ చెప్పకండి.

కాఫీ దగ్గర వ్యవహారం ఇంత ఘోరంగా లేదు. కాఫీకి 90 నుంచి 96 వరకు అనుకూలం. అంతకంటే వేడి నీళ్ళు, అందులోనూ బాగా మాడ్చి వేయించిన పొడి మీద పడితే, రుచి దిగిపోయాక చివర్న రావాల్సిన చేదు ముందే వచ్చేస్తుంది. కానీ మా ఇళ్ళలో ఫిల్టర్ కాపాడుతుంది. చల్లటి స్టీలు ఫిల్టర్, పొడి, పైన అదిమే బిళ్ళ కలిసి నీళ్ళ వేడిని కొన్ని డిగ్రీలు మింగేస్తాయి. పొయ్యి దించి అర నిమిషం ఆగి పోస్తే సరిపోతుంది. కోరాపుట్ కొండల్లో పండే అరబికాను మరీ మాడ్చకుండా వేయించి తెచ్చుకున్నవాళ్ళకు ఆ అర నిమిషం కూడా అక్కర్లేదు, తక్కువ వేయించిన గింజ కాస్త ఎక్కువ వేడినే కోరుతుంది.

మా కాఫీలో చేదంతా ఆ తర్వాత జరిగే పనుల్లో ఉంది. మొదటి డికాక్షన్ దిగాక అదే పొడి మీద మళ్ళీ మరిగే నీళ్ళు పోసి రెండోది తీస్తారు. రుచి అంతా మొదటిదాంట్లోనే పోయింది, ఇప్పుడు ఆ పొడి ఇవ్వగలిగింది చేదొక్కటే. మొదటిది అల్లుడికి, రెండోది కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినవాడికి. మిగిలిన డికాక్షన్‌ను సాయంత్రం పాలతో కలిపి మళ్ళీ తెర్లిస్తారు. పాలు విడిగా కాచి, డికాక్షన్ వేడి చేయకుండా అందులో పోస్తే పోయేదేముంది? అది మాత్రం అడక్కూడదు. అడిగితే, "నువ్వు కలుపుకో అయితే" అంటారు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1672 మీటర్లు. అక్కడ నీళ్ళు 94, 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంటే సలసలవాది ఎంత మొండిగా మరగబెట్టినా కాఫీకి సరైన వేడి దాటలేడు. రాష్ట్రంలోని ఫిల్టర్లన్నిటినీ ఆ శిఖరానికి తరలించాలి. నల్ల టీని బరంపురం, గోపాల్‌పూర్ తీరంలోనే ఉంచాలి, నిండు వంద డిగ్రీలు అక్కడే దొరుకుతాయి. గ్రీన్ టీకి మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. దేవమాలి మీద మరిగే నీళ్ళు కూడా దానికి పదిహేను డిగ్రీలు ఎక్కువే.

పిన్నికి ఈ ప్రతిపాదన చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "అంత ఎత్తుకి గ్యాసు బండ ఎవడు మోస్తాడ్రా?" అంది. దాని మీద ఉపసంఘం వేయాలి.