పెన్ను ఇచ్చుటకు ఎవరి అనుమతి కావలెను?

ఇంటర్ పరీక్షల్లో సెల్‌ఫోన్‌కో నిబంధన ఉంది, స్మార్ట్‌వాచీకో నిబంధన ఉంది, చీటీలకైతే ఏకంగా ఫ్లయింగ్ స్క్వాడే ఉంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద జాలిపడి తెలంగాణ బోర్డు 2024లో నిమిషం నిబంధనని అయిదు నిమిషాలకి సడలించింది. అన్నీ తెచ్చుకుని పెన్ను మరిచిన వాడి గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నీట్‌వాళ్ళు నయం, పెన్ను తేవద్దని ముందే చెప్పి హాల్లో వాళ్ళే ఇస్తారు.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో వినండి. తొలిరోజు, సెకండ్ లాంగ్వేజ్ పేపర్. ఇన్విజిలేటర్ ఒక ఎస్జీటీ, ప్రాథమిక పాఠశాల నుంచి మొదటిసారి డ్యూటీకి వచ్చాడు. హాల్లో ఏ వస్తువూ చేతులు మారకూడదని చీఫ్ సూపరింటెండెంట్ చెప్పిన మాట ఆయన గుండెల్లో రాసుకున్నాడు.

ఓఎంఆర్ షీట్లు పంచుతుంటే మూడో బెంచీ కుర్రాడు వణుకుతూ లేచాడు.

"సార్, పెన్ను లేదు సార్. బస్సెక్కేటప్పుడు జేబులనే ఉండె సార్."

పక్క వరస అమ్మాయి తన పెన్ను ఒకటి చాపింది. సారు అడ్డం పడి దాన్ని లాక్కున్నాడు. క్యాప్ ఊడదీసి, రీఫిల్ చుట్టూ చీటీ ఉందేమోనని చూశాడు. లేదు. దాంతో అనుమానం మరింత బలపడింది.

ఆయన జేబులో రెండు పెన్నులున్నాయి. మొదటిది ఎర్రది, కాపీలు దిద్దే చేతి అలవాటు. ఎర్రసిరాతో రాయిస్తే కుర్రాడు జవాబులూ మార్కులూ తనే వేసుకున్నట్టుంటుంది. రెండోది నీలం. అదిచ్చేస్తే ఓఎంఆర్‌ల మీద సంతకాలు దేనితో పెట్టాలి? రానివాళ్ళ లెక్క దేనితో రాయాలి?

గది వదిలి వెళ్ళకూడదు కాబట్టి నీళ్ళ కుర్రాడితో కబురంపాడు. స్టేషనరీ తన పరిధి కాదన్నారు డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్. చీఫ్ గారు ప్రశ్నపత్రాల కట్ట విప్పుతున్నారు, అప్పుడాయన్ని పలకరించే ధైర్యం ఎవరికుంటుంది? తొమ్మిది గంట కొట్టింది. కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు. ఇరవై నాలుగు పేజీల బుక్‌లెట్ తెల్లగా అలాగే ఉంది.

పక్క గదిలో సీనియర్ మేడం ఉన్నారు. ఆవిడ బ్యాగులో అయిదు రూపాయల నీలం పెన్నులు ఏటా ఓ గుప్పెడు ఉంటాయి. ఎవరైనా బిక్కమొహం వేస్తే ఒకటి చేతిలో పెట్టి "ముందు సంతకం పెట్టు నాన్నా, అదే వస్తుంది" అంటారు. అనుమతి అడగరు, పెన్ను తిరిగి అడగరు. ఇలాంటి బాధ్యతారాహిత్యం వల్లే పరీక్షలు ప్రశాంతంగా జరిగిపోతున్నాయి. తీవ్రంగా ఖండించాలి.

మన సారు చివరికి గుండె రాయి చేసుకుని నీలం పెన్ను కుర్రాడికిచ్చి, సంతకాల కోసం అమ్మాయి పెన్ను దగ్గరుంచుకున్నాడు. అప్పుడే స్క్వాడ్ దిగింది. అభ్యర్థి పెన్ను ఇన్విజిలేటర్ దగ్గర, ఇన్విజిలేటర్ పెన్ను అభ్యర్థి దగ్గర! రెండూ ఎవరివి వాళ్ళకి ఇప్పించేసి, సారుని అక్కడికక్కడే సంజాయిషీ రాసిమ్మన్నారు. కుర్రాడు మళ్ళీ ఏడుపు మొహం పెట్టేసరికి సారు తన నీలం పెన్ను మళ్ళీ వాడికే ఇచ్చేశాడు.

ఎర్రసిరాతో రాసిన సంజాయిషీ చెల్లదని ఆ మధ్యాహ్నమే తిప్పి పంపారు.