డబ్బు కట్ అయింది, అవతలికి చేరలేదు: అప్పుడేం చేయాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో శనివారం సాయంత్రం వంజరం కొని, 1,200 రూపాయలు యూపీఐలో కొట్టారనుకుందాం. ఫోన్‌లో ‘ప్రాసెసింగ్’ అని తిరుగుతూనే ఉంది. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. చేపలమ్మే ఆమె మాత్రం ‘నాకు రాలేదు బాబూ’ అంటోంది. చాలామంది వెంటనే మళ్లీ కొడతారు. తొందరపడకూడనిది సరిగ్గా ఇక్కడే.

మీరు నొక్కిన పిన్‌ను యాప్ చూడలేదు. అది యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ ద్వారా రహస్య సంకేతంగా మీ బ్యాంకుకు వెళ్తుంది. బ్యాంకు దాన్ని సరిచూసి మీ ఖాతాలోంచి 1,200 తీస్తుంది. తర్వాత ఎన్‌పీసీఐ అమ్మినవారి బ్యాంకును జమ చేయమంటుంది. ఆ బ్యాంకు సర్వర్ జవాబివ్వకపోతే, జమ అయిందో లేదో మధ్యలో ఎవరికీ తెలియదు. జమ అయ్యాక జవాబు మాత్రమే ఆగి ఉండొచ్చు. అప్పటికప్పుడు మీకు వెనక్కి ఇచ్చేస్తే ఒకే డబ్బు రెండు చోట్ల పడుతుంది. అందుకే లెక్క తేలేదాకా ‘పెండింగ్’ అని పెడతారు. పెండింగ్ అంటే ఫెయిల్ కాదు. ఈ ముక్కను యాప్‌లు పెద్ద అక్షరాలతో తెలుగులో చూపించాలి. ఇప్పుడు మళ్లీ కొడితే రెండూ జమ కావచ్చు. చేతిలో నోట్లుంటే ఇచ్చి, మొదటిది జమైతే తిరిగి ఇమ్మని ఆమెకు చెప్పి రావడం మేలు.

గడువును రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే తేల్చింది. ఆమె క్యూఆర్ మామూలు వ్యక్తిగత ఖాతాదైతే, జమ కాని డబ్బు మరుసటి రోజు, అంటే ఆదివారంలోగా వెనక్కి రావాలి. వ్యాపారి క్యూఆర్ అయితే అయిదు రోజులు, అంటే గురువారం దాకా సమయం ఉంటుంది. సెలవులను మినహాయించరు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, మీరు అడగకపోయినా, ఖాతాలో వేయాలి. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు.

రాకపోతే యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు తెరిచి, 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని, అక్కడే ఫిర్యాదు పెట్టండి. అదే నంబరుతో మీ బ్యాంకుకూ రాయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే cms.rbi.org.in లో, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

ఈ ఎదురుచూపులోనే మోసగాళ్లు దూరతారు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే, వాళ్లు పెట్టిన నంబరే ముందు కనబడవచ్చు. ‘రీఫండ్ వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు, లేదా స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమంటారు. వెనక్కి రావాల్సిన డబ్బు దానంతటదే వస్తుంది, దానికి పిన్ అక్కర్లేదు. డబ్బు తీసుకోవడానికి ఎవరైనా పిన్ అడిగారంటే మీ ఖాతాలోంచి తీయబోతున్నారన్నమాట. పొరపాటున కొట్టేస్తే క్షణం ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఆ డబ్బు మోసగాడి ఖాతాలోంచి మరో ఖాతాకు మారకముందే ఫిర్యాదు అందితే, దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుంది.